పీట మీద నుంచి లేవలేకపోయిన అమ్మ, నోరు విప్పని బిళ్ళ

సంక్రాంతికి రెండు రోజుల ముందు ఊరికి పోయాను. మాది కనిగిరి పక్క పల్లె. నేను గడప దాటేసరికి అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని అరిసెలకు తడిపిండి జల్లిస్తోంది. నన్ను చూసి లేవబోయింది. లేవలేకపోయింది. కుడిచెయ్యి నేలకు ఆనించి, ఎడమచేత్తో గూటి అంచు పట్టుకుని ముందుకు ఒంగింది. ఆ తర్వాత రెండు చేతులూ తొడల మీద వేసుకుని, నిచ్చెన ఎక్కినట్టు తన ఒంటిని తనే పైకి తోసుకుంది. ఒళ్ళోని జల్లెడ జారి పిండంతా నేలపాలైంది.

"ఏం లేదులే నాయనా, ఈ పాడు నీళ్ళు. కాళ్ళల్లో సత్తువ లేకుండా పోతావుంది" అంది.

మా వైపు నీళ్ళ సంగతి చాలామందికి తెలుసు. కనిగిరి, పొదిలి, దర్శి పక్క బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళు తాగీ తాగీ నడుం ఒంగిపోయిన వాళ్ళు, మోకాళ్ళు బిగుసుకుపోయిన వాళ్ళు వీధికి ఇద్దరు కనిపిస్తారు. అందుకే ఎవరికి ఏ నొప్పి వచ్చినా నీళ్ళ మీద వేసేయడం మాకు అలవాటు. కానీ ఫ్లోరైడ్ ఎముకల్ని, కీళ్ళని ఏళ్ళ తరబడి పడుతుంది. ఆగస్టులో రెండు కిలోమీటర్లు నడిచి చేనికి పోయొచ్చిన మనిషిని జనవరికల్లా పీట మీద నుంచి లేవనీయకుండా చెయ్యదు. పైగా అమ్మ చూపిస్తున్న చోటు మోకాలు కాదు. తొడలు, పిర్రలు, భుజాల కింద జబ్బలు. రెండు వైపులా ఒకేలా. ఆరేసిన బట్టలు దండెం మీద నుంచి తీస్తుంటే కూడా చేతులు బరువెక్కుతున్నాయంది.

నేను డాక్టర్ని కాదు. నెల్లూరులో మందుల హోల్‌సేల్ షాపులో పదిహేడేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. కాబట్టి మందుల పేర్లు తెలుసు, ఏ మందుకు ఏ మందు పడదో కొంత తెలుసు. అమ్మ మందుల డబ్బా తీసి చూశాను. షుగర్ బిళ్ళలు ఎనిమిదేళ్ళ నుంచి వాడుతున్నవే. వాటి పక్కన కొలెస్ట్రాల్ తగ్గించే అటార్వాస్టాటిన్ 40 స్ట్రిప్పు. దాని కింద అటార్వాస్టాటిన్ 20 స్ట్రిప్పులు మూడు, ఒకదాంట్లో నాలుగు బిళ్ళలు పోయి ఉన్నాయి, మిగతావి ముట్టుకోనేలేదు.

ఆ మూడు స్ట్రిప్పులే ఈ వ్యాసం రాయించాయి. ఒక్కో ముక్కా అడిగి రాబట్టడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. జరిగింది ఇదీ.

ఆగస్టులో పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 172 వచ్చింది. వయసు 61, షుగర్ ఉంది, కాబట్టి డాక్టరు రాత్రి పూట వేసుకోమని అటార్వాస్టాటిన్ 20 రాశారు. అది సరైన నిర్ణయమే, దాని మీద నాకు పేచీ లేదు. షుగర్ ఉన్నవాళ్ళకు గుండెపోటు, పక్షవాతం రాకుండా ఈ మందు చేసే మేలు పెద్దది. సెప్టెంబరు నెలాఖరుకు అమ్మకు తొడలు పీకడం మొదలైంది. పక్కింటి పెద్దమ్మ "ఆ కొవ్వు బిళ్ళ కండని తినేస్తదంట, మా మరిది ఆపేశాకే లేచి తిరిగాడు" అని చెప్పింది. అక్టోబరులో అమ్మ బిళ్ళ ఆపేసింది. ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పలేదు, తమ్ముడికి చెప్పలేదు, డాక్టరుకు అసలే చెప్పలేదు. నవంబరు చివర మళ్ళీ పరీక్ష. ఎల్‌డీఎల్ 165. డాక్టరు కాగితం చూసి "తగ్గలేదమ్మా, డోసు పెంచుతున్నా" అని 40 రాశారు. అమ్మ తలూపి వచ్చింది. పెంచి రాశారంటే జబ్బు ముదిరిందని భయపడి, ఈసారి ఒక్కరాత్రి కూడా తప్పకుండా వేసుకుంది. సంక్రాంతికి లేవలేని స్థితి.

ఇక్కడ ఎవరిది తప్పు అని నేను చాలా రోజులు మథనపడ్డాను. అమ్మది తప్పే. కానీ డాక్టరుది అంతకన్నా పెద్ద తప్పని ఇప్పటికీ అంటాను, ఎందుకంటే ఆ 165 అనే అంకె తనంతట తానే నిజం చెబుతోంది. అటార్వాస్టాటిన్ 20 రోజూ కడుపులోకి పోతే ఎల్‌డీఎల్ సుమారు 40 శాతం తగ్గాలి. 172 ఉన్నది వంద దరిదాపులకు రావాలి. అది 165 దగ్గర ఆగిందంటే మందు చాలడం లేదని కాదు, మందు కడుపులోకి పోవడం లేదని ముందు అనుమానించాలి. పైగా స్టాటిన్లు అనే ఈ జాతి మందుల్లో డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతం చొప్పున మాత్రమే. 165ని వందకు తేవడానికి 20ని 40 చేయడం ఎలాగూ సాయపడదు. "బిళ్ళ రోజూ వేసుకుంటున్నావా? వేసుకుంటే ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అని ఒక్క మాట అడిగితే మా అమ్మ చెప్పేసేది. అడగకుండా ఆమె చెప్పదు. ఆమె దృష్టిలో డాక్టరు రాసిన మందు ఆపడం బడి ఎగ్గొట్టడం లాంటిది, దొరికితే తిట్లు పడతాయి.

ఇంకోవైపు ఆ డాక్టరు బాధా నాకు తెలుసు. బయట నలభై మంది కూర్చుని ఉంటారు. సగం మంది వాడని మందుల్ని వాడుతున్నామనే చెబుతారు. ఆయన చేతిలో ఉన్నది ఆ కాగితం ఒక్కటే. మనం నోరు విప్పకపోతే ఆ కాగితమే మన తరఫున మాట్లాడుతుంది, అది సగమే మాట్లాడుతుంది.

సరే, అసలు ఏ నొప్పిని ఈ బిళ్ళ మీద అనుమానించాలి? నాకు తెలిసినంతలో నాలుగు గుర్తులు పనికొస్తాయి. ఒకటి చోటు. స్టాటిన్ నొప్పి సాధారణంగా ఒంటి మధ్యకు దగ్గరగా ఉండే పెద్ద కండల్లో వస్తుంది, తొడలు, పిర్రలు, భుజాలు, కొందరికి పిక్కలు. రెండోది, రెండు వైపులా ఉంటుంది. ఎడమ మోకాలు ఒక్కటే నొప్పి అయితే, నడుం దగ్గర మొదలై ఒక కాలి వెంట కరెంటు కొట్టినట్టు కిందికి దిగితే, అరికాళ్ళు తిమ్మిర్లెక్కి మంటలు పుడితే, అది వేరే కథ. ఆ చివరిది షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే వచ్చేది, మా ఊళ్ళో సగం మంది దాన్నీ కొలెస్ట్రాల్ బిళ్ళ మీదే వేస్తారు. మూడోది కాలం. బిళ్ళ మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాల్లోనో, డోసు పెంచాకో, ఇంకో మందు కలిశాకో మొదలవుతుంది. మూడేళ్ళుగా అదే బిళ్ళ, అదే డోసు హాయిగా వాడుతున్న మనిషికి నిన్న నడుం పట్టేస్తే బిళ్ళను అంత తొందరగా దోషిని చేయకూడదు. నాలుగోది, ఆపితే రెండు వారాల నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ వస్తుంది.

నొప్పి వేరు, బలహీనత వేరు. ఇది మన మాటల్లో కలిసిపోతుంది. "నీరసంగా ఉంది" అంటే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. నిద్ర చాలకపోయినా నీరసమే, రక్తం తక్కువైనా నీరసమే, దిగులు పడినా నీరసమే. కండ బలహీనత అంటే పని చెయ్యబోతే కండ లొంగకపోవడం. ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతులు గుండెకు అడ్డంగా కట్టుకుని కుర్చీలోంచి లేవగలరా? తల దువ్వుకునేటప్పుడు చేతులు పైన నిలుస్తున్నాయా? బస్సు మొదటి మెట్టు, అదే మోకాలంత ఎత్తున ఉంటుంది చూడండి, కమ్మీ పట్టుకుని ఒంటిని లాక్కోకుండా ఎక్కగలరా? నెల కిందట చేసినవి ఇవాళ చెయ్యలేకపోతున్నారంటే అది బలహీనత. నొప్పికి ఒక వారం గడువు ఇవ్వొచ్చు గానీ, దీనికి ఇవ్వకూడదు.

ఇక్కడ ఇష్టం లేకపోయినా ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ బిళ్ళలు వేసుకునే వాళ్ళకు వచ్చే ఒళ్ళునొప్పుల్లో చాలావాటికి బిళ్ళతో సంబంధం ఉండదు. 2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు ఒక ప్రయోగం అచ్చేశారు. దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికీ ఏడాదికి సరిపడా 12 సీసాలు. నాలుగింట్లో అటార్వాస్టాటిన్ 20, నాలుగింట్లో అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ళలు, నాలుగు ఖాళీ సీసాలు. ఏ నెల ఏది వస్తుందో ముందే తెలియదు. ఏ బిళ్ళా లేని నెలల్లో బాధ వందకు 8 ఉంటే, ఉత్తుత్తి బిళ్ళ నెలల్లో 15.4, అసలు బిళ్ళ నెలల్లో 16.3. అంటే బాధ నిజమే, కానీ అందులో తొంభై శాతం 'బిళ్ళ వేసుకుంటున్నాను' అనే భయంలోంచి వచ్చిందే. ఆ ఫలితాలు వాళ్ళ చేతికిచ్చాక సగం మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు.

ఇది చదివిన కొందరు డాక్టర్లు ఎవరు నొప్పి అన్నా "అంతా మీ మనసులోదే" అంటున్నారు. దాంతో నాకు పేచీ ఉంది. ఆ ప్రయోగం చెప్పింది నొప్పి గురించి, మెదడు నొప్పిని పెంచగలదు. కానీ కండ దెబ్బతింటే ల్యాబు రిపోర్టులో పెరిగే సీపీకే అనే అంకెను భయం పెంచలేదు. పీట మీద నుంచి లేవలేకపోవడాన్ని పక్కింటి పెద్దమ్మ మాట పుట్టించలేదు. అందుకే మనసా, మందా అని ఇంట్లో కూర్చుని వాదించుకోవడం వృథా. తేల్చే దారి ఉంది, డాక్టరు చేతుల్లో ఉంది, దానికి ముందు ఆయనకు చెప్పాలి.

పండగ కాగానే అమ్మను నెల్లూరు తీసుకొచ్చి ఇంకో ఫిజీషియన్‌కి చూపించాను. ఆయన మొదట చేసింది చాలా చిన్న పని. కుర్చీ జరిపి, "చేతులు కట్టుకుని లేవమ్మా" అన్నారు. మూడోసారికి అమ్మ ఆగిపోయింది. తర్వాత పాదాలు చూశారు, చర్మం గీరి చూశారు, గొంతు పట్టుకుని మింగమన్నారు. "చలి ఎక్కువగా ఉంటోందా? మలబద్ధకమా? గొంతు ఇలా బొంగురుగా ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు. నేను తెల్లబోయాను. గొంతు మారిందని ఫోనులో నాకే అనిపించేది, జలుబు అనుకున్నా.

ఆ రాత్రి నుంచే అటార్వాస్టాటిన్ ఆపమన్నారు. సీపీకే, టీఎస్‌హెచ్, క్రియాటినిన్, లివర్ పరీక్ష, విటమిన్ డి రాశారు. రక్తం ఇచ్చే ముందు ఆయన అడిగిన ఒక ప్రశ్న రాసి తీరాలి. "ఈ వారంలో తుంటికి ఇంజెక్షన్లు ఏమైనా వేయించారా? బరువు పనులు చేశారా?" సీపీకే కండ లోపల ఉండే పదార్థం, కండ దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. తుంటికి సూది పొడిచినా కారుతుంది, రోజంతా నాట్లు వేసినా, పొగాకు మండెలు మోసినా కారుతుంది. మా ఊళ్ళో నొప్పి అనగానే ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి నొప్పుల సూది వేయించుకుంటారు, ఆ మర్నాడు సీపీకే చేయిస్తే అంకె పెరిగి అందరూ బెంబేలెత్తుతారు. అమ్మ పది రోజుల కిందట రెండు వేయించుకుందట. "అయితే పర్లేదు, ఇప్పటికి తగ్గిపోయి ఉంటుంది" అన్నారాయన.

సీపీకే 1,180 వచ్చింది. ఆ ల్యాబులో ఆడవాళ్ళకు పైహద్దు 170, అంటే దాదాపు ఏడు రెట్లు. క్రియాటినిన్ మామూలుగానే ఉంది, అంటే మూత్రపిండాల మీద దెబ్బ పడలేదు. టీఎస్‌హెచ్ 46. థైరాయిడ్ తగ్గేకొద్దీ పెరిగే ఆ అంకె ఐదు లోపు ఉండాలి.

అమ్మకు థైరాయిడ్ పడిపోయింది, ఎప్పటి నుంచో. మొత్తం కథ ఇక్కడ తిరగబడింది. థైరాయిడ్ తక్కువైతే లివరు రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను సరిగా లాక్కోలేదు, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అదే థైరాయిడ్ లోటు కండల్ని కూడా నీరసింపజేస్తుంది, సీపీకేని పెంచుతుంది. అలాంటి కండ మీద స్టాటిన్ పడితే మామూలు మనిషికి పడని దెబ్బ పడుతుంది. అంటే ఆగస్టులో కనిపించిన 172లో కొంత భాగం అసలు థైరాయిడ్‌దే. కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చినప్పుడు బిళ్ళ రాసే ముందు టీఎస్‌హెచ్ ఒక్కటి చేయిస్తే ఈ ఆరు నెలలూ మిగిలేవి. ఇది నా సొంత పైత్యం కాదు, ఎవరికైనా స్టాటిన్ మొదలుపెట్టే ముందు థైరాయిడ్ లాంటి దాగిన కారణాలు చూడాలని వైద్యశాస్త్రమే చెబుతుంది. పక్కింటి పెద్దమ్మ బిళ్ళను తిట్టింది, నేనూ ఆమె మాటే నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇద్దరం సగమే పట్టుకున్నాం. బిళ్ళ ఆపేసి ఇంట్లో కూర్చుని ఉంటే నొప్పి కాస్త తగ్గేది, థైరాయిడ్ మాత్రం లోపల అలాగే ఉండిపోయేది.

ఆ తర్వాతి నడక నెమ్మదిగా సాగింది. లీవోథైరాక్సిన్ 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు, పొద్దున్నే పరగడుపున. మూడు వారాలకు సీపీకే 640. ఎనిమిది వారాలకు 160. ఏప్రిల్ మధ్యలో, కొలెస్ట్రాల్ బిళ్ళ ఒక్కటి కూడా వేయకుండా, ఎల్‌డీఎల్ 128. థైరాయిడ్ బిళ్ళే అంత దించింది. అయితే షుగర్ ఉన్న మనిషికి 128 ఎక్కువే. అందుకని ఆయన మళ్ళీ స్టాటిన్ అన్నారు. అమ్మ మొహం చూడాలి అప్పుడు.

ఆ సంగతి చివర చెబుతాను. ముందు మా బావ విషయం చెప్పాలి, ఎందుకంటే 'నొప్పి వస్తే ఆపేసి చెప్పు' అనేది అందరికీ చెల్లదు.

బావది ఇందుకూరుపేట పక్క, రొయ్యల చెరువులు. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారు. నీళ్ళలో నానే కాళ్ళు కదా, గజ్జల్లో తామర పట్టింది. చర్మం డాక్టరు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ నాలుగు వారాలకు రాశారు. గుండె మందులు ఏం వాడుతున్నావని ఆయన అడగలేదు, బావ చెప్పలేదు. పది రోజులకు తొడలు పట్టేశాయి. అటార్వాస్టాటిన్‌ను లివర్లో విరిచే ఎంజైమును ఇట్రాకొనజోల్ కట్టేస్తుంది, దాంతో రక్తంలో మందు సుమారు మూడు రెట్లు పేరుకుంటుంది. వేసుకుంటున్న డోసు మారదు, ఒంట్లో ఉన్న డోసు మారిపోతుంది. గ్యాస్ట్రిక్ పుళ్ళకు రెండు వారాల కిట్ ఇస్తారే, దాంట్లో ఉండే క్లారిత్రోమైసిన్ కూడా ఇదే పని చేస్తుంది.

బావ ఫోను చేసి "ఆ గుండె క్యాప్సూల్ ఆపేస్తున్నా" అన్నాడు. స్ట్రిప్పు వెనక ఏం రాసుందో చదవమన్నాను. ఒకే క్యాప్సూల్లో అటార్వాస్టాటిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మూడూ ఉన్నాయి. మా షాపులో ఇవి పెట్టెలు పెట్టెలుగా పోతాయి, కొనేవాళ్ళలో ఎంతమందికి లోపల మూడు మందులున్నాయని తెలుసో నాకు అనుమానమే. కొలెస్ట్రాల్ మందు ఆపుతున్నా అనుకుని దాన్ని పక్కన పెడితే స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా చూసే రెండు మందులూ దాంతోపాటే ఆగిపోతాయి. అదే గంటలో గుండె డాక్టరుకు ఫోను చేయించాను. ఆయన ఇట్రాకొనజోల్ ఆపమన్నారు, రక్తం పల్చబడే రెండు బిళ్ళల్నీ విడిగా రాసి, స్టాటిన్‌ను మాత్రం రెండు వారాలు పక్కన పెట్టించారు. ఇట్రాకొనజోల్ ఆపినా వెంటనే ఒంట్లోంచి పోదు, అందుకని ఆ గడువు. సీపీకే పెద్దగా పెరగలేదు. తామరకు పూత మందుతో సరిపెట్టారు. రెండు వారాల తర్వాత పాత క్యాప్సూలే మళ్ళీ, నొప్పి రాలేదు.

కాబట్టి ఎప్పుడు చెప్పాలన్న దానికి నా దగ్గర ఒకే జవాబు లేదు. మూత్రం టీ డికాషన్ రంగులోనో కోలా రంగులోనో వస్తే, కండలు భరించలేనంత నొప్పిగా ఉంటే, లేవలేనంత బలహీనత ఒక్కసారిగా వస్తే, దాంతోపాటు జ్వరం, వాంతులు ఉంటే, ఆ పూటే పెద్దాసుపత్రికి పోవాలి, ఆ రాత్రి స్టాటిన్ వేసుకోకూడదు. కండ కరిగి ఆ సరుకు మూత్రపిండాలకు అడ్డం పడుతోందన్న మాట. ఇది చాలా అరుదు, లక్షల్లో కొద్దిమందికి. కానీ వచ్చినప్పుడు రేపు చూద్దాం అనేది కాదు. 2001లో సెరివాస్టాటిన్ అనే మందును దాని కంపెనీయే ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది, ఇలా కండ కరిగి మనుషులు పోయినందుకే. ఇప్పుడు వాడుతున్నవి అంత ప్రమాదకరం కావు.

అంతకన్నా తక్కువది, అంటే నేను పైన చెప్పిన బలహీనత కనిపిస్తే, రెండు మూడు రోజుల్లో. రెండు వైపులా తొడలో భుజాలో నొప్పి పుట్టి వారం దాటినా తగ్గకపోతే, ఆ వారంలోనే ఫోను. మూడు నెలల తర్వాతి అపాయింట్‌మెంటు దాకా దాచుకోకండి. స్టెంటు ఉన్నవాళ్ళు, ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు అడగకుండా ఒక్కరోజు కూడా ఆపకండి, పైన చెప్పిన మూత్రం రంగు లాంటి గుర్తులుంటే తప్ప. అప్పుడు కూడా రక్తం పల్చబడే మందు సంగతి ఆసుపత్రిలో చెప్పండి. ఇంకొక్కటి, బిళ్ళ ఆపి నెల దాటినా బలహీనత తగ్గకుండా పెరుగుతూ పోతే మళ్ళీ వెళ్ళాలి. మందు ఆపినా ఒంట్లోని రక్షణ వ్యవస్థే కండ మీద దాడి చేస్తూ ఉండే ఒక అరుదైన జబ్బు ఉంది, దానికి వైద్యం వేరు.

డాక్టరు ముందు కూర్చుంటే మాట పడిపోవడం అమ్మకే కాదు, నాకూ ఉంది. అందుకే నెల్లూరు డాక్టరు దగ్గరికి పోయేముందు రాత్రి ఒక చీటీ రాశాను. కందుకూరు దాటాక బస్సులో దిద్దాను. అందులో ఉన్నది ఇంతే:

"అటార్వా 20 ఆగస్టు 18న మొదలు. సెప్టెంబరు 25 ప్రాంతంలో రెండు తొడలూ నొప్పి. అక్టోబరు 10న చెప్పకుండా ఆపింది, మూడు వారాలకు కొంత తగ్గింది. నవంబరు పరీక్ష బిళ్ళ లేకుండా చేసింది. డిసెంబరు 1 నుంచి 40, రోజూ. డిసెంబరు 20 నుంచి పీట మీద నుంచి లేవలేదు. మూత్రం రంగు మామూలే. వేరే మందులు: మెట్‌ఫార్మిన్, రెండు నొప్పి ఇంజెక్షన్లు (ఆర్‌ఎంపీ)."

ఆ 'చెప్పకుండా ఆపింది' అన్న మాట కొట్టేయమని అమ్మ నన్ను బతిమాలింది. నేను కొట్టలేదు. డాక్టరు చీటీ చదివి సరిగ్గా ఆ వాక్యం దగ్గరే వేలు పెట్టి, "ఇదమ్మా నాకు కావాల్సింది" అన్నారు. నవంబరు అంకె అబద్ధమని, ఆపినప్పుడు తగ్గి డోసు పెంచినప్పుడు ముదిరిందని ఆయనకు ఆ ఒక్క వాక్యమే చెప్పింది. ఆపినప్పుడు పూర్తిగా కాకుండా 'కొంత' తగ్గిందన్న మాట మీద ఆగి, "మిగతాది ఎక్కడి నుంచి వస్తోంది?" అనుకున్నారట. థైరాయిడ్ వైపు చూడ్డానికి అదీ ఒక కారణమని తర్వాత చెప్పారు.

ఇక ఏప్రిల్. ఈసారి అటార్వా కాకుండా రోసువాస్టాటిన్ 5. మన ఆసియా వాళ్ళ రక్తంలో ఈ మందు తెల్లవాళ్ళతో పోలిస్తే సుమారు రెట్టింపు నిలుస్తుంది, అందుకే మాకు 5తోనే మొదలుపెడతామని చెప్పారు. మొదటి నెల రోజు మార్చి రోజు. ఒంట్లో ఎక్కువసేపు ఉండే మందు కాబట్టి మధ్యలో ఒక రోజు మానినా పని జరుగుతుందట. నెల తర్వాత సీపీకే చూసి, మామూలుగా ఉంటే రోజూ. అదీ పడకపోతే ఎజెటిమైబ్ అనే వేరే జాతి బిళ్ళ ఉంది, అది పేగుల్లో కొలెస్ట్రాల్‌ను పీల్చుకోనివ్వదు, కండ జోలికి పెద్దగా పోదు. స్టాటిన్ అంత బలంగా దించదు గానీ తోడుగా పనికొస్తుంది. బెంపెడోయిక్ యాసిడ్, పదిహేను రోజులకొకసారి వేసుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, మా ఇంటి బడ్జెట్‌కు ఆ ఇంజెక్షన్లు అందేవి కావు.

"మళ్ళీ పట్టేస్తే?" అంది అమ్మ.

"పట్టేస్తే ఆ రోజే ఫోను చెయ్యి. ఎవరినీ తిట్టను" అన్నారాయన. ఆ చివరి మాట ఆమెకు నచ్చింది, బస్సులో రెండుసార్లు చెప్పుకుంది.

జూలైలో ఎల్‌డీఎల్ 79, సీపీకే 140. మొన్న ఊరికి పోతే గోడ మీది క్యాలెండర్లో ఏప్రిల్ నెల చింపకుండా అలాగే ఉంది, తిథుల పక్కన ఒక రోజు విడిచి ఒక రోజు పసుపు బొట్లు. ఏంటమ్మా అంటే "ఆ బిళ్ళ వేసుకున్న రోజులురా" అంది. తర్వాత అదే పీట మీద కూర్చుని గోంగూర ఒలుస్తూ, కుక్కరు మూడో విజిలు వేయగానే లేచి వెళ్ళి స్టవ్వు కట్టేసింది. గూటి అంచు ముట్టుకోలేదు.